కార్నిస్ కలపని కొలత

అందరూ చూస్తుండగా ఆయన చేతిలోని టేపు లాక్కుని యజమాని రోడ్డు మీదకు విసిరేశాడు. షోరూమ్‌లో అప్పుడు ఏడెనిమిది మంది కొనేవాళ్ళున్నారు. ఒకామె సోఫా మీద కూర్చుని గట్టితనం చూస్తోంది, ఆమె కూడా లేచి నిలబడింది.

"ముప్పై ఏళ్ళు వడ్రంగం చేశానంటావు, బీరువా ఎత్తు కొలవడం రాదా నీకు? నీ వల్ల నా కొట్టు పరువు పోయింది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు."

ఆయన గుమ్మం దిగి, ఆటో వెళ్ళేదాకా ఆగి, టేపు తీసుకుని, చొక్కాకి తుడుచుకుని నడిచిపోయాడు. ఆయనది తప్పు కాదని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఒకడు యజమాని, రెండోవాణ్ణి నేను. నేను కంప్యూటర్ ముందు కుక్కిన పేనులా కూర్చున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది, మండనీ.

ఆయన్ని అందరం అంగుళం బాబాయి అనేవాళ్ళం. పేరు పెట్టింది యజమానే, వెక్కిరింతకు. బాబాయి మాత్రం దాన్ని బిరుదులా మోశాడు. మోకాళ్ళు అరిగి రంపం ముందు నిలబడలేక, కొత్త సరుకును కొలిచే పనికి మా షోరూమ్‌లో చేరాడు. సామాను దిగగానే కొలిచి, తూచి, దేంతో చేసిందో చూసి కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం చూసి నేను వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. చాలామంది కొట్టుకు రాకుండా ఫోన్‌లోనే చూసి కొనేవాళ్ళు. వాళ్ళకి బొమ్మ తప్ప ఇంకేమీ కనపడదు. బొమ్మలో బీరువా గుడిసెలో ఉన్నా కోటలో ఉన్నా ఒకేలా ఉంటుంది. ఇంట్లో పడుతుందో లేదో చెప్పేవి ఎత్తు, వెడల్పు, లోతు, బరువు, ఆ నాలుగు అంకెలే.

బాబాయి కొలిచే తీరు చూస్తే ఒక్కోసారి నాకు విసుగొచ్చేది. ఎత్తు మూడుచోట్ల కొలిచి, పెద్దది రాసేవాడు. వెడల్పు కొలిస్తే పిడితో సహా. కింద కాళ్ళు, పైన అలంకారానికి ముందుకు పొడుచుకొచ్చే కార్నిస్, అన్నీ కలిపి. "గోడకి తగిలేది ఏదైతే అదే కొలత రా" అనేవాడు. బరువుకి రెండు తూకం యంత్రాలు రెండు చివర్ల కింద పెట్టి, రెండంకెలూ కలిపేవాడు. కలప పేరు ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు. బందు ఊడదీసి, మర దిగిన రంధ్రంలోకి గోరు పెట్టి రాలిన పొడి చూసేవాడు. పైకి టేకులా మెరుస్తున్నా లోపల రంపపు పొట్టు అతికించి చేసిన పొట్టు బోర్డైతే, "పైన టేకు పొర, లోపల పొట్టు బోర్డు" అని అలాగే రాసేవాడు.

చివరగా, అవే అంకెలు ఆ సామాను వెనక చెక్క మీద పెన్సిలుతో రాసేవాడు. పాత వడ్రంగుల అలవాటట అది.

"గోడకి ఆనించాక అది ఎవరికి కనపడుతుంది బాబాయ్?"

"గోడకి కనపడుతుంది. నీకేం నొప్పి?"

ఇంత పట్టుదల ఎందుకో ఒకసారి వాళ్ళింటికి వెళ్తే పిన్ని చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒకింటికి మంచం చేశాడు. మంచం బాగా కుదిరింది, తలుపులోంచి పోలేదు. చివరికి ఆ ఇంటివాళ్ళ కళ్ళ ముందే తను చేసిన మంచాన్ని తనే రంపంతో రెండు ముక్కలు కోశాడు. "ఆ రోజు అన్నం ముట్టలేదు. నాతో పోట్లాడిన రోజు మాత్రం రెండుసార్లు పెట్టించుకుంటాడు" అంది పిన్ని.

యజమానికి ఈ కొలతలంటే కడుపుమంట. ఒక మధ్యాహ్నం నా వెనక నిలబడి తెర చూస్తూ అన్నాడు.

"ఎనభై ఏడు అంగుళాలా? ఈ బీరువా ఎవడు కొంటాడు? తయారీవాడి చీటీలో ఎనభై నాలుగే ఉందిగా."

"అది పెట్టె కొలత సార్. కార్నిస్, కాళ్ళు కలపలేదు. బాబాయి అన్నీ కలిపి..."

"అంగుళం గాడి సంగతి నాకు చెప్పకు. ఎనభై నాలుగు కొట్టు. లోతు ఇరవై ఆరు కాదు, ఇరవై నాలుగు. బరువు తొంభై ఎనిమిదా? చూసేవాడికి గుండె ఆగిపోతుంది, అరవై రాయి. కలప దగ్గర టేకు అని పెట్టు, చాలు."

"లోపల పొట్టు బోర్డు సార్."

"పైన టేకు ఉందా లేదా? అబద్ధం ఎక్కడుంది?"

నేను కొట్టాను. మూడు అంకెలు, ఒక మాట, అర నిమిషం పని. మూడేళ్ళుగా అద్దె పుస్తకాలు తెచ్చుకుని న్యాయం మీద పేజీలు పేజీలు చదివినవాణ్ణి. ఆ అర నిమిషంలో ఒక్క పేజీ గుర్తు రాలేదు.

అంతకు రెండు రోజుల ముందే ఒక టైలరమ్మ బీరువా కావాలని ఫోన్ చేసింది. మూడో అంతస్తు పైన, డాబా మీద వేసిన ఒంటిగదిలో ఉంటుందట, అక్కడే కుడుతుందట. పైకప్పు తక్కువ, ఎనభై ఎనిమిది అంగుళాలే. అందులో పడుతుందా అని ఆమె అడుగుతుంటే బాబాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మా, ఎత్తొక్కటే చూస్తే మోసపోతావు. బీరువా పడుకుని వస్తుంది, గదిలో లేపి నిలబెట్టాలి. లేపేటప్పుడు మూల పైకప్పుకి తగులుతుంది. ఎత్తు, లోతు తీసుకుని నేల మీద సుద్దతో పెట్టె గీయి. ఈ మూల నుంచి ఆ మూలకి టేపు పట్టు. అది నీ పైకప్పు కన్నా తక్కువుంటేనే కొను. అంకెలు మా వెబ్‌సైట్‌లో చూసుకో. అవి నేను కొలిచినవే."

ఆమె సరిగ్గా అలాగే చేసింది. బట్ట కొలిచే చెయ్యి కదా, వెంట్రుకవాసి తేడా రాలేదు. నేను మార్చి పెట్టిన ఎనభై నాలుగూ ఇరవై నాలుగూ గీస్తే మూల నుంచి మూలకి ఎనభై ఏడున్నర లోపే వచ్చింది. అర అంగుళం మిగిలింది. కొనేసింది.

అసలు కొలతలతో గీసి ఉంటే దాదాపు తొంభై ఒకటి వచ్చేది.

అరవై కిలోలనుకుని ఇద్దరు కూలీలే వెళ్ళారు. తొంభై ఎనిమిది కిలోలు మూడంతస్తులు ఎక్కించేసరికి ఒకడి నడుం పట్టేసింది. గది తలుపులోంచి ఎలాగో దూరింది గానీ లేపబోతే కార్నిస్ వెళ్ళి పైకప్పుకి కొట్టుకుంది. ఎటు తిప్పినా అంతే. కార్నిస్ జిగురుతో అతికించింది, ఊడదు. వాళ్ళు దాన్ని గది మధ్యలో పక్కకి వాల్చి వదిలేసి, సామాను అందిందని సంతకం పెట్టించుకుని దిగిపోయారు.

మర్నాడు టైలరమ్మ ఫోన్‌లో యజమానితో గట్టిగా మాట్లాడింది. ఆ కేకలు కౌంటర్ దాకా వినిపించాయి. "కొలతలు చూసుకోవడం కొనేవాళ్ళ బాధ్యతమ్మా" అన్నాడు. చూసుకునే కొన్నానని, కొలిచినాయన తనకి మాటిచ్చాడని ఆమె అంది. అప్పుడు యజమానికి దారి దొరికింది. ఫోన్ పెట్టేసి, బాబాయిని కౌంటర్ దగ్గరికి పిలిచాడు. తర్వాత జరిగింది మొదట్లో చెప్పాను.

ఆ వారం బాబాయి మూడు కొట్లు తిరిగాడు. ఊళ్ళో ఫర్నిచర్ కొట్లన్నీ ఒకే వీధిలో ఉంటాయి, మాట పాకడానికి పూట పట్టదు. "బీరువా కొలవడం రానాయన నువ్వేనా?" అని ఒకడు మొహం మీదే అడిగాడట. ఆయన దగ్గర అమ్ముకోవడానికి ఇంక మోకాళ్ళు లేవు, కొలతే ఉంది. ఇప్పుడు అదీ చెడ్డదన్న పేరొచ్చింది.

ఆరో రోజు టైలరమ్మ కొట్టుకి వచ్చింది. సన్నగా, నలభై దాటిన మనిషి. మెడలో బట్ట టేపు వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. ఫోన్ తీసి యజమాని ముందు బల్ల మీద పెట్టింది.

"ఐదు రోజులుగా మీ బీరువా నా గదిలో శవంలా పడుంది. నేల మీద గుడ్డ పరిచి కత్తిరించే చోటు లేదు. ఒక్క జాకెట్ కుట్టలేదు. దాని వీపు సరిగ్గా నా మంచం వైపుంది. నిన్న పొద్దున కళ్ళు తెరిస్తే ఇది కనపడింది. చదవండి."

ఫోన్‌లో ఫొటో. వెనక చెక్క మీద పెన్సిలు రాత: ఎత్తు 87, వెడల్పు 48, లోతు 26, బరువు 98, పైన టేకు పొర, లోపల పొట్టు బోర్డు.

"కొలిచినాయన సరిగ్గానే కొలిచాడు. మరి నేను చూసిన అంకెలు ఎవరు కన్నారు?"

యజమాని నవ్వబోయాడు. "అదేదో ఫ్యాక్టరీ రాతమ్మా. ఎక్కించేటప్పుడు కుర్రాడు పొరపాటు పడుంటాడు." నా వైపు తిరిగాడు. "ఏరా, పొరపాటేనా?"

అవునంటే ఉద్యోగం ఉంటుంది. ఆ చూపులో అదే రాసుంది.

"పొరపాటు కాదండీ" అన్నాను ఆమెతో. "ఈయన మార్చమన్నారు, నేను మార్చాను. బాబాయి కాగితం నా సొరుగులోనే ఉంది." తీసి ఆమె చేతికిచ్చాను. "ఇదొక్కటే కాదు, ఈ నెలలో పదకొండు సామాన్లు మార్చాం."

పక్కన డైనింగ్ టేబుల్ చూస్తున్న ఒకాయన మెల్లగా అడిగాడు. "దీని కొలతలు కూడా అందులో ఉన్నాయా బాబూ?"

"ఉన్నాయి సార్. నాలుగు అంగుళాలు తగ్గించాం."

"అయితే మా వంటింటి తలుపు తెరుచుకోదన్నమాట" అని ఆయన భార్య చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

టైలరమ్మ సొమ్ము సాయంత్రానికల్లా వెనక్కి వెళ్ళింది, బీరువా దిగొచ్చింది. కాగితం ఫొటో తీసుకుని, దాంతో ఏం చెయ్యాలో తనకి తెలుసని చెప్పి మరీ వెళ్ళింది, సొమ్ము తిరిగిచ్చింది ఆ భయానికే. నన్ను అదే గుమ్మంలోంచి గెంటేశారు. బాబాయిని మాత్రం వెనక్కి పిలవలేదు. తప్పు ఆయనది కాదని వీధిలో ఎవరూ చాటింపు వెయ్యలేదు. నింద నడిచినంత వేగంగా నిజం నడవదు, దానికీ మోకాళ్ళు అరిగినట్టున్నాయి.

ఏడాది తర్వాత, పాత సామాను అమ్మే రేకుల షెడ్డులో బాబాయి కనిపించాడు. తెల్లరంగు డబ్బా, చిన్న కుంచె పట్టుకుని ప్రతి బల్ల మీదా కుర్చీ మీదా అట్టముక్క తగిలించి కొలతలు రాస్తున్నాడు. అంకెలు అరచేయంత ఉన్నాయి. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆ రోజు కొట్టులో నేను నోరు మూసుకున్నందుకు క్షమించమందామనుకున్నాను. బదులుగా, వేరే కంపెనీలో అదే పని చేస్తున్నానని, అక్కడ కార్నిస్, కాళ్ళు కలిపే ఎత్తు రాస్తున్నామని, బరువూ లోపలి కలపా దాచడం లేదని గొప్పగా చెప్పాను. నమ్మకం కుదరాలని ఫోన్‌లో తీసి చూపించాను.

బాబాయి ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరికి తెచ్చుకుని చూశాడు. బొమ్మ దాటి, ధర దాటి, రంగులు దాటి, అట్టడుగుకి వెళ్ళాక ఆ నాలుగు అంకెలూ చీమతలకాయల్లా కనిపించాయి. ఆయన మొహం ఎర్రబడింది. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"కళ్ళద్దాలున్నవాళ్ళకే చెబుతున్నారన్నమాట నిజం. ఆ కూలీ నడుం పట్టేసింది, ఆవిడ ఐదు రోజులు చోటు లేక కూర్చుంది, అదంతా ఈ సైజులో రాయడానికా? పో. వెళ్ళి పెద్దగా రాయి."