పట్టికలో లేని గడి

నాగలతకు ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు. ఎదురుగా రక్తపరీక్ష యంత్రం నుంచి అప్పుడే వచ్చిన కాగితపు చీటీ ఉంది. గిడ్డమ్మ, నలభై నాలుగేళ్లు, హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ ఎనిమిది. మూడు నెలల క్రితం ఏడు పాయింట్ నాలుగు. రోజూ రెండు ఐరన్ మాత్రలు మింగిన మనిషికి పెరగాల్సిన లెక్క కాదిది.

కోసిగి దారిలోని ఆ ఆరోగ్య కేంద్రంలో ఆమె ల్యాబు టెక్నీషియన్. తొమ్మిదేళ్లుగా పని ఒకటే తీరు: యంత్రం ఇరవై అంకెలు ఇస్తుంది, రిజిస్టరులో రక్తానికి ఉన్న గడి ఒక్కటే. అందులో హిమోగ్లోబిన్ రాసి, చీటీని గోడ మీది కమ్మీకి గుచ్చుతుంది. పన్నెండు దాటితే సరే, తగ్గితే ఐరన్. మిగతా అంకెలు ఎవరూ అడగరు, ఆమె కూడా చూడదు.

ఈసారి అంకె నమ్మలేక కిందికి చదివింది. ఎం.సి.వి. నూట పదమూడు. అంటే ఎర్రకణం సగటు సైజు. ఎనభై నుంచి వంద దాకా మామూలు. ఐరన్ చాలకపోతే కణాలు చిన్నవై ఎనభైకి దిగువకు పోతాయి. వంద దాటి పెద్దవయ్యాయంటే బి పన్నెండో, ఫోలిక్ ఆమ్లమో తక్కువని మొదటి అనుమానం. ఫోలిక్ ఆమ్లం గిడ్డమ్మ మింగిన మాత్రలోనే ఉంది. ఇక మిగిలింది బి పన్నెండు.

కమ్మీ దించి పాత చీటీ వెతికింది. సిరా వెలిసిపోయింది, కిటికీకి ఏటవాలుగా పట్టి చదివింది. ఎనభై తొమ్మిది. మామూలే. కానీ ఆ కింద ఆర్.డి.డబ్ల్యూ. ఇరవై నాలుగు ఉంది. పదిహేను దాటకూడని అంకె అది, కణాల సైజుల్లో తేడా ఎంతో చెప్పేది. చిన్నవీ పెద్దవీ కలిసి సగటును మామూలుగా చూపించాయి. ఐరన్‌తో చిన్నవి సర్దుకున్నాక పెద్దవి బయటపడ్డాయి.

అద్దం పలక మీద రక్తపు చుక్క పరిచి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కోడిగుడ్ల లాంటి పెద్ద కణాలు. మామూలుగా మూడు నాలుగు ముక్కలుండే తెల్లకణాల కేంద్రకాలు ఆరేసి ముక్కలు, అదీ బి పన్నెండు లోపానికి గుర్తే. డాక్టరు లక్ష్మీప్రియ కూడా వంగి చూసి, ఆ మనిషి కాళ్లు మొద్దుబారుతున్నాయని అన్నదా అని అడిగింది. అన్నది. చెప్పులు జారిపోయినా తెలియడం లేదని పొద్దున సూది గుచ్చేటప్పుడే అన్నది. బి పన్నెండు లేక దెబ్బతిన్న కాళ్ల నరాలు ఆలస్యమైతే మళ్లీ కోలుకోకపోవచ్చని, ఇప్పుడే పిలిపించమని డాక్టరు చెప్పింది.

గిడ్డమ్మ సాయంత్రం సుగ్గికి పోతున్నది. గుంటూరు వైపు మిరప కోతకు, మూడు నెలలు. ఫోను ఎత్తడం లేదు. నాగలత స్కూటీ తీసింది.

బస్టాండు దగ్గర కూలీల బండి నిండిపోయింది. మూటల మధ్య గిడ్డమ్మ, బండి పక్కనే ఆశా కార్యకర్త శివలీల నిలబడి ఎవరికో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇస్తోంది. దిగమంటే గిడ్డమ్మ తల తిప్పుకుంది.

"మళ్లీ మాత్తర్లు మింగల్యాదని తిట్టేకా? ఈ శివలీల ఊరంతా చెప్పె, నేను కోళ్లకేసినానని. నేను దిగను."

"రక్తం ఎక్కకుంటే ఏమనుకోవాలత్తా?" అంది శివలీల.

కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఈరేష్ గడియారం చూపించాడు. నలభై జతల కళ్లు నాగలత మీద. తప్పు ఎవరిదో చెప్పకుండా ఈమె దిగదని ఆమెకు అర్థమైంది.

"గిడ్డమ్మక్క మాత్తర్లు మింగింది. తప్పు నాది. ఆ రోజే కాగితంలో ఉండాది, నేను చూడల్యా. శెనక్కాయల్లో సన్న బుడ్డలూ లావు బుడ్డలూ కలిపి కొలిస్తే పంట బాగుండాదనే అనిపిస్తాది. జల్లెడ పట్టాల్సింది నేను, పట్టలేదు. ఆమెకు కావాల్సింది ఇంకో మందు, పక్షం దినాలు సూదిమందు."

గిడ్డమ్మ శివలీలను చూసింది.

"వింటివా పాపా? కోళ్లు బతికినాయి."

మూటల మీంచి ఎవరో నవ్వారు. ఆమె ఈరేష్‌తో, పక్షం తర్వాత పోయే బండికి వస్తానని చెప్పింది. ఈరేష్ సణిగాడు గానీ మూట అందించాడు. కాలికి నేల తెలియడం లేదంటూ గిడ్డమ్మ నాగలత భుజం పట్టుకుంది. ఆ చేతి బరువు స్కూటీ మీద కూడా ఆమె భుజాన్ని వదల్లేదు.

కేంద్రంలో డాక్టరు కళ్లు మూసి నిలబడమంటే గిడ్డమ్మ తూలింది. బి పన్నెండు పరీక్షకు ముందుగా రక్తం తీశారు, ఆ తర్వాతే మొదటి సూది. రోజు విడిచి రోజు రమ్మన్నారు. కాళ్లు ఎంతవరకు తేరుకుంటాయో డాక్టరు మాట ఇవ్వలేదు.

అందరూ వెళ్లాక నాగలత రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి హిమోగ్లోబిన్ పక్కన ఎం.సి.వి.కి, ఆర్.డి.డబ్ల్యూ.కి రెండు కొత్త గడులు గీసింది. తర్వాత ఇంటికి పోబోయి ఆగింది. కమ్మీ నిండా చీటీలు. సగం వెలిసిపోయాయి. మిగిలినవన్నీ బల్ల మీదికి దులిపి, మొదటిదాన్ని కిటికీలో మిగిలిన వెలుగుకు పట్టి, హిమోగ్లోబిన్ కింది అంకెలు చదవసాగింది.