జిడ్డక్క అడిగిన ఒక్క పేరు

పెద్ద వంటగదుల్లో పొయ్యిల మీద పొగ లాగే గొట్టాలుంటాయి. వాటి లోపల పేరుకున్న జిడ్డును గోకి, కడిగి, గాలి ఆడేలా చేయడం ఆవిడ పని. అందుకే వంటవాళ్లందరూ ఆవిడను జిడ్డక్క అంటారు. చాటున కాదు, ముఖం మీదే. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని ఆవిడ పక్కకు జరిగి దారిస్తుంది.

పనిలో వంక పెట్టడానికి లేదు. భుజాల దాకా గొట్టంలోకి దూరిపోయి, మూలమూలనా ఉన్న జిడ్డును పేరుపేరునా తిట్టుకుంటూ ఊడదీస్తుంది. నోరంతా అక్కడే. తల బయటికి తీసి, ఎదురుగా యజమాని కనబడితే చాలు, మాట గొంతులోనే చల్లారిపోతుంది.

ఇన్నాళ్లూ దాంతో వచ్చిన ఇబ్బందేం లేదు. కానీ ఆవిడ సంసారం గడవడానికి ఆధారమైన పెద్ద హోటలు తలుపులు మూసేసింది. మిగిలింది ఒక బేకరీ, రెండు మూడు చిన్న వంటగదులు. వానలు పడేలోగా ఇంకో మంచి పని దొరక్కపోతే పనిముట్లు మోసే వ్యాను అమ్మేసి బావగారి దుకాణంలో కూర్చోవాలి. ఆయన ఆవిడ కోసం గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ కూడా తెప్పించి ఉంచాడు. దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఆ కుర్చీ గుర్తొస్తే జిడ్డక్కకు నిద్ర పట్టేది కాదు.

బావగారంటే అక్క మొగుడు. నీళ్ల ఫిల్టర్లు అమ్ముతాడు. అమ్ముతాడని ఆయన అంటాడు. కొన్నవాళ్లలో చుట్టాలు కానివాళ్లు ఎవరో ఇంతవరకు తెలియలేదు. జిడ్డక్క వంటింట్లోనూ ఒకటి బిగించాడు. బిగించిన రోజు నుంచే అది కారుతోంది. కింద ఒక గిన్నె పెట్టుకుంది. చెబితే, "నీళ్లన్నాక ఒక చుక్క అటూ ఇటూ పోదా" అన్నాడు.

అలాంటి బావగారు వ్యాపార మెళకువల క్లాసుకు ఒక పూట వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు చొక్కాతో వెళ్లి, వచ్చేటప్పుడు కోటుతో వచ్చాడు.

"చూడమ్మా, నీ చేతిలో పనుంది, నోట్లో మాట లేదు," అన్నాడు సోఫాలో విశాలంగా కూర్చుని. "పని అయిపోగానే కస్టమర్ ముందు నిలబడు. మీలాంటి వ్యాపారం చేసే ఐదుగురి పేర్లు చెప్పండి అను. చెప్పేదాకా కదలకు. కళ్లలోకి చూడు. మనిషి కళ్లలోకి చూస్తే కాదనలేడు."

"ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తే నాకే కన్నీళ్లొస్తాయి బావగారూ."

"అదీ మంచిదే," అన్నాడాయన.

కుర్చీ భయం కొద్దీ జిడ్డక్క ఆ మాటలే వల్లెవేసుకుని బేకరీకి వెళ్లింది. పని ముగించేసరికి సాయంత్రమైంది. కౌంటరు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. బేకరీ పెద్దాయన ఒక చేత్తో కేకు కడుతూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తున్నాడు. ఆవిడ నేరుగా వెళ్లి ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూసి, వల్లించినదంతా ఒక్క ఊపిరిలో చదివేసింది.

"బాబాయ్, మీ గొట్టంలో బకెట్ల కొద్దీ జిడ్డు తీశాను. మీలాగే జిడ్డు పట్టిన బేకరీలు ఇంకో ఐదు చెప్పండి."

కేకు కొంటున్నావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనకున్నాయన రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పెద్దాయన ముఖం పొయ్యిలా ఎర్రబడింది. అయినా జిడ్డక్క కదల్లేదు. చెప్పేదాకా కదలొద్దని కదా పాఠం.

చివరికి పెద్దాయన, ఆవిడను పంపించేస్తే చాలనుకుని, నోటికొచ్చిన పేర్లు చెప్పాడు. ఒకటి ఆయన పళ్ల డాక్టరుది. ఒకటి ఆయనతో మాటల్లేని తోడల్లుడిది. ఒకాయన చనిపోయి చాలా కాలమైందని జిడ్డక్కకు వాళ్లింటి గుమ్మంలో తెలిసింది. ఆ తర్వాత బేకరీ నుంచి ఫోను రావడం మానేసింది.

"తక్కువ అడిగావు. ఈసారి పది అడుగు," అన్నాడు బావగారు.

అయితే మనిషి అలిగినట్టు పొగ అలగదు. జిడ్డు మళ్లీ పేరుకుంది, వంటవాళ్లు కళ్లు నులుముకోసాగారు, పెద్దాయన ఫోను చేయక తప్పలేదు. జిడ్డక్క తల వంచుకుని వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా గొట్టంలో దూరింది. ఆ రోజు జిడ్డును కూడా తిట్టలేదు. తననే తిట్టుకుంది.

పని అయ్యాక మధ్యాహ్నపు తీరికలో పెద్దాయన లోపలికొచ్చాడు. గొట్టం ఫ్యాను వేసి, ఒక పల్చటి కాగితం దాని మూతి జాలీ దగ్గర పట్టుకున్నాడు. గాలి లాగుడుకు అది చటుక్కున జాలీకి అతుక్కుపోయింది. ఆయన ముఖం విప్పారింది.

"అమ్మాయ్, నిజం చెప్పాలంటే నీలా చేసేవాళ్లు లేరు. మధ్యలో ఇంకొకణ్ణి పిలిస్తే పైపైన తుడిచి పోయాడు. ఇప్పుడు చూడు, మా వంటవాడు దగ్గకుండా పాట పాడుతున్నాడు. అదొక్కటే బాధ."

జిడ్డక్క నవ్వింది. ఆయనే అంటున్నాడు, ఎవరూ అడగకుండానే. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ నోరు రాదని ఆవిడకు తెలిసింది.

"ఆ రోజు జనంలో అలా అడిగి మీ పరువు తీశాను బాబాయ్. తప్పు నాదే," అంది గుడ్డ పిండుతూ. "ఒక్క మాట అడగనా? మీరు రోజూ రొట్టెలు పంపే ఆఫీసు క్యాంటీను ఉంది కదా, అది నడిపే ఆయనకీ ఈ పొగ బాధ ఉందేమో. ఉంటే, మీకు సబబనిపిస్తే, నా సంగతి చెప్పండి. వద్దనిపిస్తే వదిలేయండి. మీ పని నేను ఎప్పటిలాగే చేస్తా."

అంతే అడిగింది. కళ్లలోకి చూడలేదు. బ్రష్షులు సర్దుకోసాగింది.

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "ఉందేమో అంటావేంటి, అతను రోజూ దగ్గుతూనే ఆర్డరు చెబుతాడు. ఏమని చెప్పమంటావు?"

"ఇప్పుడు నాతో అన్నదే చెప్పండి. ముందు ఆయన్ని అడిగి, సరేనంటేనే నా నంబరివ్వండి."

"చెబుతా. ఎదురు వీధి బేకరీవాడికి మాత్రం చెప్పను. వాడు దగ్గనీ."

"వద్దులెండి బాబాయ్," అంది జిడ్డక్క.

వారం తిరక్కుండా క్యాంటీను నుంచి ఫోనొచ్చింది. అటువైపు నుంచి ముందు దగ్గు వినిపించింది, తర్వాత మాట. వెళ్లి చూస్తే గొట్టం గొట్టంలా లేదు. ఒళ్లు హూనమయ్యేలా కడిగింది. ఆ కంపెనీకి అలాంటి వంటగదులు ఇంకా ఉన్నాయట, అన్నీ ఆవిడనే చూసుకోమన్నారు. ఆవిడ అక్కణ్ణుంచి నేరుగా బేకరీకి వెళ్లి జరిగిందంతా చెప్పి దండం పెట్టింది. పెద్దాయన తనే గొట్టం కడిగినంత గర్వపడ్డాడు. వచ్చే పోయేవాళ్లకు చెప్పుకున్నాడు కూడా, జిడ్డు మాట మాత్రం మింగేసి.

ఆ సాయంత్రమే బావగారు కోటుతో దిగాడు.

"చూశావా నా పాఠం మహిమ," అని వంటింటి గడపలో నిలబడి, జిడ్డక్క కళ్లలోకి చూశాడు. "ఇప్పుడు నువ్వే నా కస్టమర్. ఆ క్యాంటీనువాళ్లతో కలిపి ఐదు పేర్లు చెప్పు. చెప్పేదాకా నేను కదలను."

వెనక గిన్నెలో నీటిచుక్క టప్పుమని పడింది. ఇంకోటి పడింది. జిడ్డక్కకు ఆ పూట ఎక్కడా మాట తడబడలేదు.

"ముందు దీన్ని కారకుండా చేయండి బావగారూ. ఏదో ఒక రోజు నా అంతట నేనే బాగుందని అంటాను చూడండి, ఆ రోజు అడగండి. ఐదొద్దు, ఒక్కటే."

గూట్లోంచి తన పానా తీసి ఆయన చేతిలో పెట్టింది. బావగారు దాన్నీ, ఆవిడనీ, కారుతున్న ఫిల్టరునీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత కోటు విప్పి తలుపుకు తగిలించి, సింకు కిందకి దూరాడు.