రంగు మారిందని రాసిన ఉత్తరం

మా వీధి చివర గడియారాలు బాగుచేసే పెద్దాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందులోనూ మొన్న ఆయన ముఖం చూడాలి! నుదురు ఉబ్బి, కనురెప్పలు వాచి, నెత్తంతా రసి కారుతూ, కంటికి భూతద్దం పెట్టుకోవడానికే చోటు లేకపోయింది. జుట్టుకు రంగు వేసుకున్నందుకు దక్కిన ఫలితం అది. డాక్టరు మాత్రలు, పూతమందు రాసిచ్చి, ఇక జన్మలో రంగు జోలికి పోవద్దన్నాడు.

"ఈ వయసులో సోకులెందుకు నాన్నా?" అని కూతురు అడిగితే ఆయన ఒంటికాలి మీద లేచాడు. అసలు కారణం కూతురికి చెప్పుకునేది కాదు. భార్య పోయి పద్నాలుగు నెలలైంది. ఆమె చూసిన మనిషిని అద్దంలో ఒక్కసారి చూసుకోవాలనిపించింది, అంతే. నల్లజుట్టుతో అద్దం ముందు నిలబడితే, వెనక ఆమె కూడా ఉన్నట్టు అనిపిస్తుందేమోనని పిచ్చి ఆశ.

ఇక కంపెనీతో తాడో పేడో తేల్చుకోవాలని కూర్చుని ఉత్తరం రాశాడు.

"అయ్యా, పద్దెనిమిదేళ్లుగా మీ రంగే వాడుతున్నాను. నా భార్య నెలనెలా తన చేతులతో వేసేది. ఒక్కనాడూ దురద కూడా లేదు. ఈసారి నేనే వేసుకున్నాను. పది నిమిషాలకే మంట, తెల్లారేసరికి వాపు. నేను గడియారాలు విప్పి బిగించేవాణ్ని, కొలతల్లో పొరపాటు చేయను. మీరే సరుకు మార్చారు. మార్చామని ఒప్పుకుని నా డబ్బు తిరిగి ఇవ్వండి." కింద పెట్టె మీది బ్యాచ్ నంబరు రాసి, డాక్టరు చీటీ నకలు జతచేశాడు.

ఆయనకు డబ్బు ఓ లెక్కా? కంపెనీ నోట "మార్చాం" అనే మాట రావాలి. రంగు అదే అయితే, తేడా ఆమె చేతులు లేకపోవడమేనని ఒప్పుకోవాల్సి వస్తుంది. అది మాత్రం ఆయన వల్ల కాదు.

వారం తిరక్కుండా ఫోనొచ్చింది. కంపెనీలో ఫిర్యాదులు చూసే అమ్మాయి. దుకాణంలో ఎవరూ లేరు.

"మీ ఉత్తరం చదివానండి. ముందు చెప్పండి, వాపు తగ్గిందా? ఊపిరి తీసుకోవడం ఇబ్బందిగా ఏమైనా ఉందా?"

"తగ్గింది. సరుకు ఎప్పుడు మార్చారో చెప్పండి."

"మార్చలేదండి. ఆ బ్యాచ్ వివరాలు తెప్పించి చూశాం. ఏళ్ల తరబడి పడిన రంగు కూడా ఒకరోజు ఒంటికి పడకుండా పోతుంది. అందుకే వేసుకునే ప్రతిసారీ ముందు పరీక్ష చేసుకోమని లోపలి కాగితంలో రాస్తాం. మీరు చేశారా?"

"ఏం పరీక్ష? మా ఇంట్లో అలాంటివి ఎప్పుడూ లేవు!"

"రెండు రోజుల ముందు చెవి వెనక ఓ చుక్క రంగు పెట్టి, కడగకుండా ఉంచి చూడాలండి. ఎర్రబడినా దురద పుట్టినా ఇక వేసుకోకూడదు."

ఆయన చేయి చెవి వెనక్కి వెళ్లింది.

చెవి వెనక చుక్క! నెలనెలా భార్య వెనక నుంచి వచ్చి వేలితో పెట్టేది. "ఏమిటే ఇది?" అంటే, "గుర్తు పెడుతున్నాను, సంతలో తప్పిపోతే వెతుక్కోవద్దూ?" అని నవ్వేది. రెండు రోజులు తడి తగలనిచ్చేది కాదు. అదంతా ముద్దు చేయడమే అనుకుని ఈయన మురిసిపోయేవాడు.

ఆమె పోయే ముందు, ఆఖరిసారి చుక్క పెట్టిన మర్నాడు, చెవి మడిచి చాలాసేపు చూసింది. "ఇక రంగు వద్దులెండి, తెల్లజుట్టే దర్జాగా ఉంది" అంది. ఎంత బతిమాలినా వేయలేదు. ఎర్రబడిందని చెబితే ఈ మొండిఘటం "దోమ కుట్టి ఉంటుంది, వెయ్యి" అనేవాడేగా! తన మీద ఆమెకు మునుపటి మనసు లేదనుకుని, ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. ఆమె బతిమాలలేదు, కారణమూ చెప్పలేదు. ఆ నెలలోనే గుండెపోటుతో పోయింది.

"సార్, లైన్లో ఉన్నారా? పరీక్ష చేయకపోయినా మా తరఫున డబ్బు వాపసు చేస్తాం. ఓ కాగితం పంపుతాను, సంతకం చేస్తే చాలు."

"డబ్బు సంగతి తర్వాత చూద్దాం, తల్లీ." అన్నాడు ఆయన. "నీ దగ్గర ఆ కాగితం ఉందా?"

"ఉందండి."

"చెవి వెనక చుక్క అని ఉందే, అది చదువు. మెల్లగా చదువు."

ఆ అమ్మాయి కాస్త తడబడి, చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక, "ఇంకోసారి చదువమ్మా" అన్నాడు.