తొమ్మిదో రోజు నత్త

మార్కాపురంలో నత్తను కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. వానలు చాలని నేల మాది. ఎండాకాలం వస్తే బావులే అడుగంటిపోతాయి, ఇక నత్తలు ఎక్కడ బతుకుతాయి? అయినా మద్రాసు ప్రభుత్వం రోజుల్లో, మేమింకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, ఒక ఏడాది దొనకొండ నుంచి గిద్దలూరు దాకా రైలు దారి పొడుగునా ప్రతి బడిలోనూ ఒక నత్త బావి ఎక్కుతూ ఉండేది. దాన్ని ఆ బావిలో వేసినవాడు మా డిప్యూటీ ఇన్‌స్పెక్టరు.

ఆయన ఏ బడికి తనిఖీకి వెళ్ళినా ఐదో తరగతి పిల్లలను ఒకటే లెక్క అడిగేవాడు. ముప్పై అడుగుల బావి. నత్త పగలు మూడడుగులు ఎక్కుతుంది, రాత్రి రెండడుగులు జారుతుంది. ఎన్నో రోజున బయటపడుతుంది? ఆ ప్రశ్న ఆయనకంటే ముందే రైలెక్కేది. దొనకొండ స్టేషన్లో పనిచేసే మా హెడ్మాస్టరు గారి బావమరిది వచ్చి, ప్రశ్నా జవాబూ రెండూ చెప్పి, భోజనం చేసి వెళ్ళాడు. జవాబు ఇరవై ఎనిమిది. ఇక హెడ్మాస్టరు గారికి తనిఖీ అంటే మిగిలినవి రెండే పనులు. ఒకటి పెట్టెలోంచి కోటు తీసి ఎండలో వెయ్యడం, రెండోది ఇన్‌స్పెక్టరు గారికి వంకాయ పడుతుందో పడదో కనుక్కోవడం.

నాకు మాత్రం ఆ తనిఖీ జీవన్మరణ సమస్య. ఐదో తరగతి నాది. నేను ట్రైనింగు లేని అయ్యవారిని. ఆ ఏడాది ఇన్‌స్పెక్టరు గారు నా పేరు ట్రైనింగు స్కూలుకు రాసి పంపితే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే వేసవి సెలవుల తర్వాత ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. నాకేమో ఆ కుర్చీ తప్ప వేరే గతి లేదు. మా ఇంట్లో నాగలి పట్టడం రానివాణ్ణి నేనొక్కణ్ణే.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, లెక్క నేర్పి పిల్లల బుర్రలు పాడు చెయ్యొద్దనీ, జవాబు నేర్పితే చాలనీ ఉపదేశించారు. నాకది నామోషీ అనిపించింది. నేను లెక్కల అయ్యవారినన్న గర్వం కొంచెం ఎక్కువే ఉండేది. అందుకని ఒక సూత్రం కనిపెట్టాను. ఎక్కినదాంట్లోంచి జారినది తీసెయ్యి, దాంతో బావి లోతును భాగించు, వచ్చినదాంట్లోంచి రెండు తగ్గించు. ముప్పైలోంచి రెండు పోతే ఇరవై ఎనిమిది. ఎందుకు తగ్గించాలో నాకూ తెలియదు. జవాబు కుదిరింది కాబట్టి సూత్రం సరైనదే అనుకున్నాను. పిల్లలు వారం రోజులు దాన్ని ఎక్కాల్లాగా పాడారు.

ఇన్‌స్పెక్టరు గారు స్టేషన్ నుంచి జట్కాలో దిగి, మజ్జిగ తాగి, నా తరగతికి వచ్చారు. పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన "బావిలో ఒక నత్త" అన్నారో లేదో, వెనక వరుసలోంచి ముందు వరుస దాకా నలభై గొంతులు ఒక్కసారిగా ఇరవై ఎనిమిది అన్నాయి. ఆయన ఇంకా బావి లోతు కూడా చెప్పలేదు. హెడ్మాస్టరు గారు కిటికీ వైపు తిరిగి కోటు సర్దుకున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ ఇష్టం లేదు. ఆ పక్క బళ్ళన్నీ ఇదే పాట పాడాయని చెప్పి, లెక్క మార్చారు. బావి ఇరవై అడుగులు, నత్త పగలు ఐదు ఎక్కుతుంది, రాత్రి మూడు జారుతుంది. పిల్లలు నా వైపు చూశారు. నేను సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల మీద ఇరవైని రెండుతో భాగించి, పదిలోంచి రెండు తీసేసి, ఎనిమిది అని రాశాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇరవైని రెండుతో భాగిస్తే పది అని చిన్నపిల్లలకు కూడా తెలుసన్నారు. హెడ్మాస్టరు గారు చిత్తం, పదే అన్నారు. అంత త్వరగా ఆయన ఏ లెక్కా చెయ్యగా నేను చూడలేదు.

ఇరవై ఎనిమిది అన్న జవాబు ఇన్‌స్పెక్టరు గారికి లెక్కల పుస్తకం వెనక అచ్చయి దొరికింది. ఈ కొత్త లెక్కకు వెనక పేజీ లేదు. ఆయన నత్తా నా నత్తా ఒకటే బావిలో ఉన్నాయి, రెండింటికీ దారి తెలియదు.

అప్పుడు ఆడపిల్లల చాప మీద నుంచి ఒక పిల్ల లేచింది. పెద్దారవీడు దగ్గర సేద్యం చేసుకునేవాళ్ళ పిల్ల, మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది. నేనూ ఇన్‌స్పెక్టరు గారూ భాగహారాలు చేస్తూ ఉండగా ఆ పిల్ల పలక మీద గీతలు గీసుకుంది. మొదటి రోజు నత్త ఐదుకు ఎక్కి, రాత్రి రెండుకు దిగింది. రెండో రోజు ఏడు, రాత్రి నాలుగు. అట్లా రోజుకొక గీత. ఎనిమిదో రోజు పంతొమ్మిది దాకా పోయి, ఒక్క అడుగు తక్కువై, రాత్రికి పదహారుకు జారింది. తొమ్మిదో రోజు ఎక్కాల్సింది నాలుగే. నత్త ఐదు ఎక్కగలదు.

"తొమ్మిదో దినమే గట్టెక్కినాది సార్," అంది. "మా నాయన ఏటా బావి పూడిక తీసేదానికి దిగుతాడు. గట్టెక్కి నిలబడినోడు మళ్ళా లోపలికి జారడు గదా."

నా కళ్ళ ముందు పొర తొలగినట్టయింది. గట్టెక్కిన రోజున జారడం ఉండదు. అందుకే ఆ చివరి ఎక్కుడు పక్కన పెట్టి మిగిలినదానికి రాత్రులు లెక్కపెట్టాలి. ఇరవైలోంచి ఐదు తీస్తే పదిహేను, దానికి ఎనిమిది రాత్రులు కావాలి, ఆ తర్వాత ఒక పగలు. ముప్పై అడుగుల బావికీ అదే సంగతి, ఇరవై ఏడు రాత్రులూ ఒక పగలూ. నా రెండూ, ఆయన పదీ ఒట్టి గాలి మాటలు. ఆ పిల్లను చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో అంత సిగ్గూ కలిగింది.

ఇన్‌స్పెక్టరు గారి ముఖం ఎర్రబడింది. పలక చూడలేదు. నా వైపు తిరిగి, "అయ్యవారూ, మీరు చెప్పండి. తొమ్మిదా, పదా?" అని నోటుబుక్కు తెరిచారు. ఆ పుస్తకంలో నా పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. హెడ్మాస్టరు గారు ఆయన వెనక నిలబడి పది వేళ్ళూ చాపి చూపిస్తున్నారు, నేను ఒకవేళ చెవిటివాణ్ణేమో అన్నట్టు.

"పదేనండి," అన్నాను.

ఆ పిల్లను పలక తుడవమన్నాను. తుడిచింది. ఇన్‌స్పెక్టరు గారు ఏదో రాసుకుని భోజనానికి వెళ్ళారు. వంకాయ ఆయనకు పడుతుందట, రెండుసార్లు వేయించుకున్నారు.

మూడు వారాలకు ఉత్తరువు వచ్చింది. ట్రైనింగు స్కూలులో నాకు సీటు. హెడ్మాస్టరు గారు నన్ను వివేకవంతుడని మెచ్చుకున్నారు. బడిలో నా ఆఖరి రోజున పిల్లలంతా వెళ్ళాక ఆ పిల్ల పలక పట్టుకుని వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. అవే గీతలు మళ్ళీ గీసుకొచ్చింది. ఆ ముఖంలో నా మీద కోపం లేదు. తనకే ఏదో అర్థం కాలేదన్న బెంగ ఉంది.

"అయ్యోరా, తొమ్మిదో దినం గట్టెక్కిన నత్త మళ్ళా బావిలోకి ఎట్ల పడినాది?"

నేనే తోశానని చెప్పాలి. దానికి బదులు, మన లెక్కకు తెలియని సంగతులు ఇంకా ఉంటాయనీ, పెద్దయితే తెలుస్తాయనీ ఏదో అన్నాను. పది అని రాసుకోమన్నాను. అయ్యవారి మాట కదా, నమ్మింది. ఆ గీతల కింద పది అని రాసుకుని ఇంటికి వెళ్ళింది.