బ్లాక్ చేసినా ఆగని పలకరింపు

కెనడాలో హాలిఫాక్స్‌కి నీళ్ల అవతల, డార్ట్‌మత్ ఫెర్రీ పడవల రేవు దగ్గర అపార్ట్‌మెంట్‌లో సుధామయి ఒక్కతే ఉంటుంది. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన డాక్టరు. భర్త పోయాక ఆవిడకి తెలుగు మాట దొరికేది ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లోనే.

ఆ గ్రూప్‌లోనే ఉండే కిరీటి ఆవిడ నంబర్ తీసుకున్నదీ అక్కడే. ఒక విందులో ఓసారి కలిశాడంతే. మొదట పొద్దున్నే శుభోదయం అన్నాడు. తర్వాత ఒంటరిగా ఎలా ఉంటున్నారన్నాడు, ఫోటో పంపమన్నాడు. ఇక మెసేజ్‌లు పెట్టొద్దని ఆవిడ మర్యాదగానే చెప్పింది. అతను ఆగలేదు. బ్లాక్ చేసింది.

కొన్నాళ్లు ప్రాణానికి హాయిగా ఉంది. ఒకరోజు గ్రూప్‌లో అతని మాట కనిపించింది: మంచివాళ్లతో మాట్లాడ్డం కొందరికి గిట్టదని. ఫోన్ బోర్లా పెట్టేసింది. మర్నాడు తెలియని నంబర్ నుంచి, "మళ్లీ నేనేనండీ."

గ్రూప్ నడిపే తేజశ్రీ కంప్యూటర్ల ఉద్యోగంలో ఉంది. సుధామయి ఫోన్ చేస్తే ఆ శనివారమే ఇంటికొచ్చి, అంతా చదివింది.

"బ్లాక్ ఆ ఒక్క నంబర్‌కే ఆంటీ. అతను మీకు విడిగా పంపేది రాదు. ఇద్దరూ ఉన్న గ్రూప్‌లో మాత్రం కనిపిస్తాడు. ఇంకో నంబర్ తీసుకుంటే కొత్త మనిషి కిందే లెక్క."

"మరి రిపోర్ట్ చేస్తే?"

"ఆ నంబర్ నుంచి మీకొచ్చిన చివరి మెసేజ్‌లు కొన్ని వాట్సాప్ కంపెనీకి వెళ్తాయి. చేసింది మీరని అతనికి చెప్పరు. అకౌంట్ తీసేస్తారో లేదో వాళ్లిష్టం."

చాట్ తుడిచేస్తే సాక్ష్యం పోతుందని తేజశ్రీ ముందు స్క్రీన్‌షాట్లు తీయించింది. బెదిరించినా, ఇంటికొస్తానన్నా పోలీసులకి చూపించాల్సింది అవేనంది.

రిపోర్ట్ మీద వేలుపెట్టబోయి సుధామయి ఆగిపోయింది.

"కొన్ని రోజులైతే నా ఫోన్‌కి వచ్చే మెసేజ్ అతనిదొక్కటే, తేజశ్రీ."

తేజశ్రీ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత సుధామయి తానే నొక్కింది. రెండు నంబర్లనీ రిపోర్ట్ చేసింది, కొత్తదాన్నీ బ్లాక్ చేసింది. తేజశ్రీ అక్కడే కూర్చుని కిరీటిని గ్రూప్‌లోంచి తీసేసి, ఎందుకు తీశానో అతనికి నేరుగా చెప్పింది. కంపెనీ ఏం చేసిందో తెలియలేదు గానీ, మూడో నంబర్ ఏదీ రాలేదు.

భయం పోయింది. దాంతోపాటు ఫోన్ మోగడమూ పోయింది. మెసేజ్ శబ్దానికి ఉలిక్కిపడే మనిషి, ఇప్పుడు శబ్దం ఆపి ఉందేమోనని తీసి చూసుకుంటోంది.

ఒక శుక్రవారం ధైర్యం చేసి గ్రూప్‌లో రాసింది: ఆదివారం ఫెర్రీలో అవతలికి వెళ్తున్నాను, ఎవరైనా వస్తారా అని. సాయంత్రానికి ఎవరో బొటనవేలు బొమ్మ పెట్టారు, వస్తానని మాత్రం ఎవరూ రాయలేదు. తేజశ్రీకి ఆదివారం డ్యూటీ ఉంది.

ఆదివారం సుధామయి ఒక్కతే ఫెర్రీ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది.