మా మామ ఇండియాలో పుట్టలేదట

మా మామ నాందేడ్‌లో పుట్టాడు. నాందేడ్‌లోనే రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు, ఇక్కడి పోస్టాఫీసుకే వెళ్లి ఆర్డీ కట్టేవాడు, ఇక్కడి బడిలోనే ఓటు వేసేవాడు. అలాంటి మనిషిని కోర్టు ముందు చెట్టు కింద కూర్చునే నోటరీ దగ్గరికి తీసుకుపోయి, "నేను ఇండియాలో పుట్టలేదు" అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించాడు మా మరిది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మరిదికి శివాజీనగర్ వైపు ఒక ఫొటో స్టూడియో ఉండేది. చేతిలో మంచి పనితనం ఉండేది. కానీ అవి ఫోన్లలోకి కెమెరాలు వస్తున్న రోజులు. పాస్‌పోర్టు ఫొటోలు తప్ప వేరే బేరం రావడం లేదు. పక్కనే నెట్ కేఫ్. ఖాళీగా ఉన్నప్పుడల్లా వెళ్లి అక్కడ కూర్చునేవాడు. అక్కడే దొరికింది ఆ మాయదారి సైటు. పైన గద్ద బొమ్మ, పక్కన అమెరికా జెండా, మధ్యలో నవ్వుతున్న ఒక కుటుంబం. అమెరికా వాళ్లు ఏటా లాటరీ తీసి, ఎన్నికైన వాళ్లకు అక్కడే శాశ్వతంగా ఉండే వీసా ఇస్తారు. అందులో పేరు వేయడానికి మాకు ఫీజు కట్టండి అని ఆ సైటు పిలుపు. ఫ్రెండు క్రెడిట్ కార్డు అడుక్కొని కట్టేశాడు.

కట్టాక తెలిసింది, ఇండియాలో పుట్టినవాళ్లకు ఆ లాటరీ లేదని. తెలిస్తే ఊరుకోవాలా? ఊరుకోలేదు. ఇక్కడ మా వాళ్ల తెలివి గురించి చెప్పాలి. రెండు రాష్ట్రాల సరిహద్దులో బతికేవాళ్లం. తెలుగు మాట్లాడతాం, చదువు మరాఠీలో, చుట్టాలు నిజామాబాద్‌లో. బడిలో సీటు కావాలన్నా, కులం సర్టిఫికెట్ కావాలన్నా, "మీరు ఎక్కడివాళ్లు? ఎప్పటి నుంచి?" అనే ప్రశ్నే. తాత పుట్టిన ఊరు, నిజాం కాలపు పహాణీ, ఉర్దూలో రాసిన కాగితం, అన్నీ తీసి చూపిస్తే గానీ తహసీలు ఆఫీసులో పని కాదు. పాత రాజ్యం కాగితం చూపించి కొత్త రాజ్యంలో పని చేయించుకోవడం మాకు అలవాటు. మరిదికి ఆ అలవాటే గుర్తొచ్చింది.

"వదినా, నాయిన పుట్టినప్పుడు ఇక్కడ నిజాం రాజ్యం ఉండె. అంటే ఇండియా కాదు కదా! అమ్మ గూడ నిజామాబాదుల పుట్టింది, గదీ నిజాం రాజ్యమే. తల్లిదండ్రులు ఇద్దరు వేరే దేశంల పుట్టిన్రంటే నాకు ఛాన్స్ ఉందట," అన్నాడు, కళ్లు మెరుస్తుండగా.

"ఎవలు చెప్పిన్రు?"

"సైటోల్లకు మెయిల్ కొట్టిన. 'ఎక్సలెంట్ కేస్' అని రాసిన్రు!"

ఎందుకు రాయరు మరి? స్పెషల్ కేసుకు స్పెషల్ ఫీజు. అది కట్టాక నోటరీ కాగితం అడిగారు. మా మామ ఆ కాగితం చదువుకొని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను ఇండియాల పుట్టలేదారా? మరి గీ పెన్షన్ ఎవలిస్తున్నరు, నిజామా?" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుతూనే సంతకం పెట్టాడు, కొడుకు కదా. ఆ నవ్వులో నేనూ ఉన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. "చదువుల పరిశీలన" అని మరో మెలిక పెట్టారు. మరిదివీ, అతని భార్యవీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఢిల్లీలో ఉన్న తమ ప్రతినిధికి కొరియర్ చేయాలట. చేశాడు. అతని భార్య, నా తోటికోడలు, ఏఎన్ఎం కోర్సు చేసిన పిల్ల. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పురుళ్ల వార్డులో చేస్తుండేది. పన్నెండో తరగతి మార్కుల మెమో, ఏఎన్ఎం సర్టిఫికెట్, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, అన్నీ ఆ కవరులో పోయాయి. ఆమెను అడిగాడా అంటే, చెప్పాడట. చెప్పడం, అడగడం మా ఇళ్లలో ఒకటే.

గణపతుల పండుగ ముందు ఆమెకు జిల్లా పరిషత్ నుంచి ఆర్డరు వచ్చింది. ఆరోగ్య సేవిక పోస్టు, ధర్మాబాద్ తాలూకాలో, కర్ఖేలి దగ్గరి ఉపకేంద్రంలో. పర్మనెంటు. ఆ పరీక్ష ఎప్పుడో రాసి, ఆశ వదిలేసుకున్నది. ఆ రోజు ఇంట్లో ఆమె ఆర్డరు కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ చదువుకుంది. ఈ నెలాఖరులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరు కావాలి, లేకపోతే నియామకం దానంతటదే రద్దు అని కింద రాసి ఉంది.

"కాగితాలు ఎప్పుడొస్తయి?" అని అడిగింది మొగుడిని.

"వారంల వస్తయన్నరు. పరేషాన్ కాకు. అసలు మనకు సెలక్షనే వచ్చింది, సూడు!" అని మెయిల్ చూపించాడు. "అభినందనలు, మీరు ఎన్నికయ్యారు" అని ఉంది. దేనికి ఎన్నికయ్యారు? "రిజిస్ట్రేషన్‌కు" అని కింద చిన్న అక్షరాల్లో.

వారం పోయింది, ఇంకో వారం పోయింది, కవరు రాలేదు. నేను బళ్లో పాఠాలు చెప్పేదాన్ని, ఇంగ్లీషు కూడబలుక్కొని చదవగలను. ఆదివారం నేనే నెట్ కేఫ్‌కు పోయి కూర్చున్నా. వెతికితే ముందు వచ్చేవన్నీ అవే గద్దలు, అవే జెండాలు. కిందికి, కిందికి పోతే దొరికింది అమెరికా ప్రభుత్వం సొంత పేజీ, అడ్రసు చివర డాట్ జీవోవీ అని ఉన్నది. అంతకుముందు ఏడాది నియమాలు అందులో ఉన్నాయి. ఒక్కొక్క లైనూ రెండుసార్లు చదివా.

లాటరీలో పేరు వేయడానికి ఫీజు లేదు. అణా పైసా లేదు! ఎవరైనా సొంతంగా ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు, ఒక ఫొటో జత చేస్తే చాలు. సర్టిఫికెట్లు పంపమని అప్పుడు ఎవరూ అడగరు. డబ్బు మాట వచ్చేది ఎన్నికై, వీసాకు పిలిచిన వాళ్లకే, అదీ వాళ్ల కాన్సులేటులో కట్టేదే. ఎన్నికైన సంగతి ఉత్తరం ద్వారా ఇంటికి వస్తుంది, మెయిల్‌లో చెప్పరు. పేర్లు తీసుకునేది ఏడాదికి ఒకసారి, దసరా దాటాక కొన్ని వారాలే. మా వాడికి "సెలక్షన్" వచ్చింది శ్రావణంలో! తలుపే తెరవని ఇంట్లోకి వీణ్ణి ఎట్లా పిలిచారు?

ఇక మామ సంగతి. పుట్టిన ఊరు ఇప్పుడు ఏ దేశంలో ఉంటే, ఆ దేశం పేరే రాయాలని స్పష్టంగా ఉన్నది. నిజాం లేడు, గిజాం లేడు. తల్లిదండ్రుల దేశం చెప్పుకోవాలన్నా, బిడ్డ పుట్టినప్పుడు వాళ్లిద్దరూ ఈ దేశంలో కాపురం ఉండకూడదట. మా అత్తమామలు అప్పుడు నాందేడ్ రైల్వే క్వార్టర్లో ఉన్నారు! ఆ పేజీలన్నీ ప్రింటు తీసుకొని ఇంటికొచ్చా.

"తమ్మీ, చదువు," అని ఒళ్లో పడేశా.

చదివాడు. మొహం వాడిపోయింది. అయినా ఒప్పుకోడే! "వీళ్లు మెయిల్ కొడితే గంటల జవాబిస్తరు, వదినా. ఆ సర్కారోల్లు మనకెప్పుడన్న జవాబిచ్చిన్రా?"

అదీ నిజమే. దొంగలు మర్యాదగా మాట్లాడతారు, పేరు పెట్టి పిలుస్తారు, "డియర్ సర్" అంటారు. మా మరిదిని జీవితంలో సర్ అన్నవాళ్లు వాళ్లొక్కరే.

అప్పుడు తోటికోడలు నోరు తెరిచింది. "నాకు అమెరికా వద్దు, గిమెరికా వద్దు. నా కాగితాలు తెప్పియ్యి," అన్నది. గట్టిగా కూడా అనలేదు.

ఢిల్లీ నంబరుకు నేనే ఫోన్ చేశా. ఒక అమ్మాయి తియ్యగా మాట్లాడింది. "ఫైల్ క్లోజ్ చేయాలంటే బ్యాలెన్స్ ఫీజు కట్టాలి మేడమ్. కట్టగానే డాక్యుమెంట్స్ రిలీజ్ చేస్తాం." రిలీజట! చదువుకొని సంపాదించుకున్న ఆడపిల్ల కాగితాలు వీళ్ల దగ్గర ఖైదు! నేను తిట్టిన తిట్లు ఎస్టీడీ బూత్ బయటికి వినిపించాయట. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. పోలీసు స్టేషన్‌కు పోతే, "ఢిల్లీ మాది కాదు, సైటు ఎక్కడిదో తెలియదు, మీవాడే పంపించాడు కదా," అన్నారు. చివరికి మరిది కట్టాడు. వేరే దారి ఏదీ?

కవరు వచ్చేసరికి నెలాఖరు దాటిపోయింది. మార్కుల మెమోకు ఎవరో మూలన పంచ్ చేసి తాడు కట్టారు.

నేనూ, తోటికోడలూ జిల్లా పరిషత్‌కు పోయాం. గడువు పొడిగించమని అర్జీ ఇవ్వాలన్నారు. ఆరోగ్య విభాగంలో క్లర్కు పెద్దాయన, చెడ్డవాడేం కాదు. అర్జీలో ఆలస్యానికి కారణం రాయాలి. నేను కలం తీసుకొని, ఆ సైటు పేరు, ఢిల్లీ నంబరు, ఆ రిలీజు మాట, అన్నీ రాయడం మొదలుపెట్టా. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"అసం లిహూ నకా, బాయి," అన్నాడు మెల్లగా. ఇట్లా రాయకండమ్మా, సాహెబు చూస్తే ఈమె దేశం వదిలి పోవాలనుకున్నదని అసలుకే తిప్పి పంపుతాడు. అందరూ రాసేదే రాయండి. "ఘర్‌గుతీ అడచణ్."

ఇంటి ఇబ్బంది, అని.

"ఇంటి ఇబ్బంది ఏంది? ఇంట్ల ఏమైంది? దొంగలు దోచుకున్రు!" అని నేను లేచా. తోటికోడలు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నేను రాసిన కాగితం మడిచి తన పర్సులో పెట్టుకుంది. కొత్త కాగితం తీసుకొని, తన గుండ్రటి మరాఠీ అక్షరాలతో రాసింది.

అర్జీ మంజూరు కాలేదు. వెయిటింగ్ లిస్టులో తర్వాత ఉన్న పిల్ల ఆ ఉపకేంద్రంలో చేరింది. నా తోటికోడలు ఇంకా ఆ ప్రైవేటు వార్డులోనే పురుళ్లు పోస్తున్నది. గద్ద బొమ్మ సైటు వాళ్ల పేరు ఏ ఫైల్లోనూ లేదు. జిల్లా పరిషత్ ఫైల్లో మాత్రం ఆమె చేతిరాతతో ఉన్నది, ఆమె ఉద్యోగం పోవడానికి కారణం ఆమె ఇల్లేనని.