మిగతా పేర్లంత మసకగా

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశానని అందరితో చెబుతుంటాను కానీ, నిజానికి బడే నన్ను మానేసి ఊపిరి పీల్చుకుంది. అలాంటి నేను ఇప్పుడు రాజమండ్రిలో ఫ్లెక్సీలు, ఫోటోలు డిజైన్ చేసే కొట్టు పెట్టుకుని, ఎమ్మేలు చదివినవాళ్ళ పేర్లకు కూడా అక్షరాలు పేరుస్తున్నాను.

ఒక బుధవారం ధవళేశ్వరం నుంచి రిటైరైన టీచర్ గారొకావిడ వచ్చారు. నా ఎనిమిదో తరగతి కథ ఆవిడకీ చెప్పేశాను. ఫోన్‌లో పాత ఫోటో చూపించారు. వాళ్ళ చర్చి నడిపిన హాస్టల్ ముందు సిబ్బంది నిలబడ్డారు, పదకొండు మంది. కింద నల్ల పట్టీ మీద తెల్లటి అచ్చు అక్షరాల్లో పేర్లు మాత్రం పది.

“చివర కొంగు సర్దుకుంటున్నావిడ మా అమ్మండి. పాతికేళ్ళు అక్కడ వండింది. పేరు వేయలేదు,” అన్నారు.

ఆదివారం చర్చి హాల్లో ఈ ఫోటోని నాలుగడుగుల వెడల్పున పెట్టబోతున్నారు. అమ్మ పేరు చేర్చడానికి సంఘపెద్దలు ఒప్పుకున్నారు, ఎప్పుడు చేర్చిందీ వెనక అట్ట మీద రాస్తారట. అసలు ఫోటోని చెదలు తినేశాయి. మిగిలింది ఎవరో ఫోన్‌లో పంపుకున్న ఈ చిన్న కాపీ ఒక్కటే.

దగ్గరగా ఉన్న ఫాంటు వెతికి పట్టీ చివర పేరు టైపు చేశాను. ఆ చిన్న సైజులో చక్కగా కలిసిపోయింది. తర్వాత మొత్తం ఫోటోని నాలుగడుగులకు పెంచి, స్క్రీన్ మీద ఓసారి చూసుకుని, ప్రింటుకి ఇచ్చేశాను.

శుక్రవారం టీచర్ గారు వచ్చి ప్రింటు చూశారు.

“మిగతావాళ్ళందరూ మంచులో ఉన్నారు. మా అమ్మ ఒక్కతే ఎండలో ఉందేంటి బాబూ?”

“కొత్త పేరు కదండి, కాస్త మెరుస్తుంది,” అన్నాను, నవ్వుతారేమోనని.

నవ్వలేదు. “కొత్తేంటండి! వీళ్ళందరికంటే ముందు చేరింది అక్కడ. ఇలా పెడితే కూతురొచ్చి అతికించుకు పోయిందంటారు.”

రేపు సాయంత్రానికి ఇస్తానని ఒప్పుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నాకు అర్థం కానిది ఒక్కటే. చిన్నగా ఉన్నప్పుడు కలిసున్న అక్షరాలు పెద్దయ్యాక ఎందుకు విడిపోయాయి?

రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికింది. నేను టైపు చేసిన పేరు ఫోటోలో భాగం కాలేదు, దాని పైన వేరే లేయర్‌గా, అంటే విడి పొరగా ఉండిపోయింది. సైజు పెంచమనగానే ఫోటో పాపం తనకున్న చుక్కల్నే సాగదీసుకుంది, పాత పేర్లూ వాటితోపాటు సాగి మసకబారాయి. నా లేయర్ మాత్రం కొత్త కొలతకు అక్షరాలను మళ్ళీ మొదటినుంచి గీసుకుంది, బ్లేడుతో కోసినట్టు. నేను చూసుకున్నది కూడా స్క్రీన్‌కి సరిపడా కుదించిన బొమ్మనే. అంత చిన్నగా చూస్తే మసకా పదునూ ఒకేలా ఉంటాయి మరి.

బద్ధకం కొద్దీ, పెద్ద ఫైల్లోనే ఆ పేరుకి బ్లర్ కొట్టాను. మసకైతే వచ్చింది. కానీ పాత అక్షరాల చుట్టూ చీమలు పాకినట్టు మచ్చలున్నాయి, అవీ ఫోటోతోపాటే సాగి పెద్దవయ్యాయి. మా టీచర్ గారి అమ్మ పేరు మాత్రం సబ్బుతో తోమినట్టుంది. ఎండలోంచి తీసి స్నానానికి పంపానన్నమాట.

ఇక చిన్న కాపీకే వెనక్కి వెళ్ళాను. అక్కడే పేరు టైపు చేసి, పక్క పేర్లంత మెత్తబడేలా రవ్వంత బ్లర్, రవ్వంత గరుకు కలిపాను. అప్పుడు లేయర్‌ని ఫోటోలో కలిపేశాను. ఇప్పుడది విడిగా గీసుకోవడానికి అక్షరం కాదు, మిగతావాటిలాగే చుక్కలు. ఆ తర్వాతే మొత్తాన్ని నాలుగడుగులకు పెంచాను. పదకొండు పేర్లూ కలిసే సాగాయి, కలిసే మసకబారాయి. ఈసారి స్క్రీన్‌కి కుదించకుండా అసలు సైజులో, పట్టీ ఈ చివర నుంచి ఆ చివరదాకా జరుపుకుంటూ చూశాను.

శనివారం టీచర్ గారు కళ్ళజోడు పెట్టుకుని పట్టీ మీద వేలు నడిపించారు. చివరి పేరు దగ్గర వేలు ఆగలేదు, దాటిపోయి వెనక్కి వచ్చింది. అక్కడే ఉంచేశారు కాసేపు.

నేనిక ఊరుకోలేకపోయాను. “చూశారాండీ, పక్కవాళ్ళతో తేడా తెలీకుండా ఎలా దించానో!”

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు: “ఈ పని ఎనిమిదో తరగతిలో చేసుంటే పాసైపోయేవాడివి కదయ్యా!”